రెండు బస్తాల మిర్చి కేసు

గూడూరు అంటే చాలామంది నెల్లూరు వైపు రైల్వే జంక్షన్ అనుకుంటారు. నేను చెప్పేది మానుకోట జిల్లా గూడూరు. భీముని పాదం జలపాతం ఉన్న మండలం, చుట్టూ అడవి, అడవి అంచున మొక్కజొన్న, పత్తి, మిర్చి చేలు. మాఘమాసం వచ్చిందంటే కల్లాల నిండా ఎర్రగా మిర్చి ఆరుతుంది. ఆ కల్లంలోంచి రెండు బస్తాలు పోయాయి. పోయింది నిజంగా కాదు, కాగితం మీద. లా చదివే రోజుల్లో మా క్లాసువాళ్ల కోసం నేను తయారుచేసిన నమూనా విచారణలో పోయాయి. ఆ కేసు ఫైలు ఎలా రాశామో, వేషాలు ఎలా పంచామో, మార్కులు ఎలా వేశామో ఈరోజు చెప్తాను. ఇంటర్‌లోనో డిగ్రీలోనో మీ తరగతిలో ఇలాంటిది పెట్టాలనుకుంటే పనికొస్తుంది.

ముందుగా ఒక తేడా చెప్పాలి. లా కాలేజీల్లో మూట్ కోర్టు అనేది ఒకటి ఉంటుంది. అది అప్పీలు లాంటిది. అందులో సాక్షులు ఉండరు, జరిగిందేమిటో ముందే ఒప్పుకుని చట్టం మీద వాదించుకుంటారు. నమూనా విచారణలో అసలేం జరిగిందన్నదే తగువు. బోనులోకి సాక్షి వస్తాడు, ఒకరు చెప్పిస్తారు, ఇంకొకరు తవ్వుతారు. బార్ కౌన్సిల్ 2008 నిబంధనల ప్రకారం లా విద్యార్థి మూడు మూట్‌లు చెయ్యాలి, రెండు నిజమైన కేసుల విచారణ కూర్చుని చూడాలి. చట్టం చదవని పిల్లలకు మాత్రం నమూనా విచారణే దగ్గరగా ఉంటుంది. సాక్షి చెప్పేది నమ్మాలా వద్దా అని తేల్చుకోవడానికి సెక్షన్లు కంఠతా రానక్కర్లేదు.

ఇక ఫైలు. దీనికే ఎక్కువ సమయం పెట్టాలి. నేను మొదటిసారి రాసినప్పుడు ఒక్క బస్తా పోయినట్టు రాశాను. నలభై కిలోలు, క్వింటా పన్నెండు వేల లెక్కన 4,800 రూపాయలు. ఫిర్యాదు, ఎఫ్‌ఐఆర్, ఛార్జిషీటు అన్నీ చక్కగా రాసుకుని ఒక పెద్ద వకీలుగారికి చూపించాను. ఆయన మొదటి పేజీ దాటలేదు. "ఈ కేసులో ఎస్సైకి ఎఫ్‌ఐఆర్ కట్టే అధికారమే లేదు కదమ్మా" అన్నారు. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త చట్టాల ప్రకారం, పోయిన సొత్తు విలువ ఐదువేల లోపు ఉంటే మేజిస్ట్రేటు అనుమతి లేకుండా పోలీసులు దర్యాప్తు మొదలుపెట్టకూడదు. మొదటిసారి దొరికినవాడు సొత్తు తిరిగి ఇచ్చేస్తే జైలు కూడా ఉండదు, సమాజసేవ చెయ్యాలి. అంటే నా ఫైలు పునాదిలోనే కూలిపోయింది. మరో బస్తా కలిపి 9,600 చేశాను. భారతీయ న్యాయ సంహితలో దొంగతనానికి శిక్ష చెప్పే సెక్షన్ 303(2). మూడేళ్ల దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. ఇప్పుడు కేసు నిలబడింది.

రెండో తప్పు అంతకంటే పెద్దది. దొంగ ఎవరో నేనే ముందు తేల్చేసుకుని, దాన్ని రుజువు చేసే సాక్షులను మాత్రమే పెట్టాను. ఆ ఫైలు పట్టుకుని రిహార్సల్ చేస్తే పది నిమిషాల్లో అయిపోయింది. ముద్దాయి తరఫు పిల్లలకు అడగడానికి ఏమీ మిగల్లేదు. అప్పుడు మళ్లీ రాశాను. ఈసారి ప్రతి సాక్షి నోట్లో రెండు మాటలు పెట్టాను, ఒకటి ఇటు పనికొచ్చేది, ఇంకొకటి అటు పనికొచ్చేది. ఫైలు ఏడు పేజీలు దాటనివ్వలేదు. అంతకు మించితే క్లాసులో సగంమంది చదవరు.

కథ ఇదీ. శివరాత్రికి రైతు కుటుంబంతో సహా కురవి వీరభద్రస్వామి జాతరకు పోయాడు. కల్లంలో తేజ రకం మిర్చి, పన్నెండు బస్తాలు నింపి ఉన్నాయి. ప్రతి సంచి మీదా ఎర్ర రంగుతో 'క' అని గుర్తు. మర్నాడు పొద్దున పదింటికి వచ్చి చూస్తే పది బస్తాలే ఉన్నాయి. సాయంత్రం ఐదింటికి ఫిర్యాదు ఇచ్చాడు. పక్క చేను ఆయన మంచె మీద అడవిపందులకు కావలి ఉన్నాడు. రాత్రి పదకొండు ప్రాంతంలో అరవై అడుగుల దూరం నుంచి, ఒక మనిషి ట్రాలీ ఆటోలో రెండు బస్తాలు వేసుకోవడం చూశానని, అతన్ని గుర్తుపట్టానని పోలీసులకు చెప్పాడు. ఫిర్యాదు ఇచ్చిన రోజే ఊళ్లో మిర్చి కొనే వ్యాపారి దగ్గర ముద్దాయి రెండు బస్తాలు అమ్మాడు. వాటిలో ఒక సంచి మీద 'క' ఉంది. ముద్దాయి ఆ రైతు దగ్గరే మిర్చి ఏరడానికి పోయే కూలీ. అర ఎకరం కౌలుకు కూడా చేస్తాడు. తాను అమ్మింది తన పంటేనంటాడు.

పేర్లు ఎవరికీ పెట్టలేదని గమనించారా? రైతు, కావలి మనిషి, వ్యాపారి, ముద్దాయి, అంతే. మాది చిన్న ఊరు. ఫైల్లో ఏ పేరు పెట్టినా ఎవరో ఒకరికి తగులుతుంది. తండా, కులం, ఇంటిపేరు, ఏవీ ఫైల్లోకి రానివ్వకండి. ముద్దాయి వేషం వేసిన పిల్లవాడు ఆ తర్వాత ఏడాదంతా అదే క్లాసులో కూర్చోవాలి.

ఇప్పుడు ఆ రెండేసి మాటల సంగతి. మిర్చి ఎవరిదో మిర్చిని చూసి చెప్పలేం, సంచిని చూసి చెప్పగలం. కాబట్టి 'క' గుర్తు ప్రాసిక్యూషన్‌కు పెద్ద బలం. అయితే రైతు తన వాంగ్మూలంలోనే, ఎక్కడో చివర, "పాత ఖాళీ సంచులు ఏరుడు కూలీలకు ఇస్తుంట" అన్నాడు. అది చదివిన వకీలుకు ఆ సంచి బలం సగం విరిగినట్టే. అటువైపు ముద్దాయి కౌలు చేలో వేసింది చపాట అని ఫైల్లో ఒక కాగితం ఉంది. చపాట మిర్చి మన వరంగల్ ప్రాంతపు రకం. పొట్టిగా, లావుగా, టమాటాలా ఉంటుంది. 2025లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. సన్నటి తేజను చూసి చపాట అని ఎవరూ పొరబడరు. వ్యాపారి పోలీసులకు "తేజ కొన్న" అని చెప్పాడు. అది నిజమైతే ముద్దాయి మునిగినట్టే. కానీ అతను రాసిచ్చిన కాంటా చీటీలో "మిర్చి, రెండు బస్తాలు, 80 కిలోలు" అని మాత్రమే ఉంది, రకం రాయలేదు. ముద్దాయి తరఫు సాక్షి, అంటే కౌలుకిచ్చిన ఆసామి, "ఒక మూలకు తేజ కూడా పెట్టిండనుకుంట" అంటాడు. ఆ 'అనుకుంట' నేను కావాలని రాసిన మాట.

ఇక్కడ చట్టంలో ఒక సూత్రం ఉంది. దొంగతనం జరిగిన వెంటనే ఆ సొత్తు ఒకరి చేతిలో కనబడి, అది తనకెలా వచ్చిందో అతను సరిగా చెప్పలేకపోతే, అతనే దొంగ అని గానీ, దొంగసొత్తని తెలిసే తీసుకున్నాడని గానీ కోర్టు ఊహించవచ్చు. ఊహించి తీరాలని లేదు, ఊహించవచ్చు అంతే. మా కేసంతా ఈ ఒక్క 'వచ్చు' చుట్టూ తిరిగింది.

ఇక వేషాలు. ముప్పైమంది ఉన్న క్లాసులో మేం ఇలా పంచాం. ప్రాసిక్యూషన్‌కు ముగ్గురు, ముద్దాయికి ముగ్గురు వకీళ్లు. సాక్షులు ఐదుగురు: రైతు, కావలి మనిషి, వ్యాపారి, ఎస్సై, కౌలు ఆసామి. ముద్దాయి ఒకరు, మేజిస్ట్రేటు ఒకరు, బెంచి క్లర్కు ఒకరు, సాక్షులను పేరు పెట్టి పిలిచే బంట్రోతు ఒకరు, గడియారం చూసేవాళ్లు ఒకరు, మార్కులు వేసేవాళ్లు ముగ్గురు. ఇంకా పదకొండుమంది మిగిలారు. వాళ్లను ఊరికే చప్పట్లు కొట్టడానికి కూర్చోబెడితే గంటకే విసుగొస్తుంది. ఇద్దరికి సాక్ష్యం అక్షరం పొల్లుపోకుండా రాసే పని ఇచ్చాం. మిగతా తొమ్మిదిమంది మూడు జట్లుగా కూర్చుని, ఎవరికి వారు తీర్పు రాయాలి. వాళ్లను జ్యూరీ అనలేదు. మన దేశంలో క్రిమినల్ కేసుల్లో ఇప్పుడు జ్యూరీ లేదు. 1959లో బొంబాయిలో నానావతి కేసులో జ్యూరీ తొమ్మిదిమందిలో ఎనిమిదిమంది నిర్దోషి అన్నారు. హైకోర్టు దాన్ని కొట్టేసి శిక్ష వేసింది. ఆ తర్వాత ఆ పద్ధతే పోయింది. మా జట్లు తీర్పుకు కారణాలు రాయాలి. నిజమైన మేజిస్ట్రేటు చేసేదీ అదే.

సినిమాలు చూసి వచ్చే అలవాట్లు కొన్ని ఉంటాయి, వాటిని మొదటి రోజే తీసేయాలి. మన కోర్టుల్లో జడ్జిగారు సుత్తి కొట్టరు. సాక్షి భగవద్గీత మీద చెయ్యి పెట్టడు. దేవుని సాక్షిగా అని గానీ, మనస్సాక్షిగా అని గానీ ప్రమాణం చేస్తాడు, అంతే. అన్నిటికంటే ముఖ్యమైనది, ప్రాసిక్యూటరు ముద్దాయిని బోనెక్కించి గద్దించడం ఉండదు. తనకు వ్యతిరేకంగా తానే సాక్ష్యం చెప్పమని ఎవర్నీ బలవంతం చెయ్యకూడదని రాజ్యాంగం ఇరవయ్యో అధికరణంలో ఉంది. ప్రాసిక్యూషన్ సాక్ష్యం అయ్యాక మేజిస్ట్రేటే ముద్దాయిని అడుగుతాడు, "నీమీద ఇలా చెప్పారు, ఏమంటావు?" అని. అతను ప్రమాణం లేకుండా జవాబు చెప్తాడు, ఇష్టం లేకపోతే ఊరుకుంటాడు. ఇవన్నీ చూసి తెలుసుకోవాలంటే మానుకోట కోర్టులో ఒక పూట కూర్చుంటే చాలు. కోర్టు విచారణ సాధారణంగా అందరికీ తెరిచే ఉంటుంది. వెనక బెంచీలో నిశ్శబ్దంగా కూర్చుంటే ఎవరూ ఏమీ అనరు.

సమయం గట్టిగా పట్టుకోవాలి. రెండు పక్షాలకూ మొదటి మాటలు మూడేసి నిమిషాలు. ఒక్కో సాక్షికి సొంత వకీలు చీఫ్ ఐదు నిమిషాలు, ఎదుటి వకీలు క్రాస్ ఐదు, మళ్లీ సొంత వకీలు సరిదిద్దుకోవడానికి ఒక నిమిషం. ముద్దాయిని మేజిస్ట్రేటు అడగడానికి ఐదు. ముగింపు వాదనలు ఆరేసి నిమిషాలు. అంతా కలిపితే డెబ్భై ఎనిమిది నిమిషాలు. తీర్పుకు ఇంకో పావుగంట పడుతుంది.

చీఫ్‌కూ క్రాస్‌కూ తేడా పిల్లలకు చెప్తే అర్థం కాదు, చూపిస్తే వెంటనే అర్థమవుతుంది. సొంత సాక్షిని అడిగేటప్పుడు జవాబు ప్రశ్నలోనే అందించకూడదు. "నువ్వు ముద్దాయిని చూశావు కదా?" అంటే అవతలివాళ్లు లేస్తారు. "ఆ రాత్రి ఏం చూశావు?" అనాలి. క్రాస్‌లో దీనికి ఎదురు, జవాబు అందించే ప్రశ్నలే అడగాలి. క్రాస్‌లో అవి అడగవచ్చని చట్టంలోనే ఉంది.

దీన్ని కావలి మనిషి మీద చూద్దాం. పోలీసుల ముందు అతని వాంగ్మూలంలో, "వెన్నెల్ల మంచిగ కనవడ్డడు" అని ఉంది. రిహార్సల్‌లో ఒక వకీలు లేచి, "చీకట్లో మనిషి ఎట్లా కనబడ్డాడు?" అని అడిగాడు. సాక్షికి ఏమాత్రం కష్టం కాలేదు. "ఆటో లైట్లు పడ్డయి సారూ, మనిషి నడక కూడ నాకు తెల్సు. దినాం చేన్ల పనిచేస్తడు గదా" అన్నాడు. ఆ రెండు మాటలూ వాంగ్మూలంలో ఉన్నవే, సాక్షి కల్పించలేదు. వకీలే వాటిని బయటికి పిలిచాడు.

అసలు విచారణ రోజు మరో వకీలు అదే సాక్షిని ఇలా అడిగింది.

"మీరు చెప్పేది శివరాత్రి నాటి రాత్రి కదా?"

"అవు మేడం."

"శివరాత్రి తెల్లారితే వచ్చేది అమావాస్య కదా?"

"అవు."

"పోలీసులకు 'వెన్నెల్ల కనవడ్డడు' అని చెప్పారు కదా?"

సాక్షి కాసేపు ఆగాడు. "చెప్పిన."

ఆమె కూర్చుంది. అంతే. "అయితే అబద్ధమే కదా?" అని అడగలేదు. అడిగితే ఆటో లైట్లు వచ్చేవి. శివరాత్రి నాడు చంద్రుడు తెల్లవారుజాము దాకా రాడన్న సంగతి ముగింపు వాదనలో చెప్పుకుంది. 1858లో అమెరికాలో అబ్రహాం లింకన్ వకీలుగా ఉన్నప్పుడు ఒక హత్య కేసులో ఇదే పని చేశాడు. వెన్నెల్లో చూశానన్న సాక్షి ముందు పంచాంగం లాంటి పుస్తకం పెట్టాడు. మనకు పుస్తకం కూడా అక్కర్లేదు, జాగారం చేసినవాళ్లందరికీ ఆ చీకటి తెలుసు. నేను ఫైల్లో ఈ ముడి వేసినప్పుడు ఎవరైనా పట్టుకుంటారా అని అనుమానపడ్డాను. పట్టుకున్న ఆ అమ్మాయి ఊళ్లో పెరిగింది. పట్నంనుంచి వచ్చిన మిగతా ఇద్దరు వకీళ్లూ ఆ వాక్యం పక్కనుంచి వెళ్లిపోయారు.

ఆ అమ్మాయి ఇంకో పని చేసింది. ఎస్సై బోనెక్కినప్పుడు, "ఆ సాక్షి మీకు వెన్నెల అని చెప్పాడా?" అని అడిగి, చెప్పాడని ఆయన నోట రాయించింది. సాక్షి అలా చెప్పలేదని అడ్డం తిరిగితే నిజమైన కోర్టులో ఇది తప్పనిసరి, ఒప్పుకుంటే అక్కర్లేదు. పోలీసుల ముందు ఇచ్చిన వాంగ్మూలం దానంతటదే సాక్ష్యం కాదు. సాక్షి మాట మార్చాడని చూపించడానికి వాడుకుంటాం, అతను ఒప్పుకోకపోతే దాన్ని రాసుకున్న అధికారి ద్వారా రుజువు చేస్తాం. పిల్లలు ఎక్కువగా మరిచిపోయే మెట్టు ఇదే. ప్రాసిక్యూషన్ పిల్లలు కూడా చేతులు ముడుచుకుని కూర్చోలేదు. సరిదిద్దుకునే ఆ ఒక్క నిమిషంలో కావలి మనిషిని, "ఆ మనిషిని ఇంకే విధంగా గుర్తుపట్టావు?" అని అడిగి ఆటో లైట్లను, నడకను తెచ్చుకున్నారు. మళ్లీ సమానమైంది.

మార్కుల విషయానికొస్తే, తీర్పుకు మార్కులు లేవు. ఇది అందరికీ ముందే చెప్పాలి. నేర నిరూపణ భారం ప్రాసిక్యూషన్‌ది. సమంజసమైన అనుమానం మిగిలితే ముద్దాయి బయటికి పోతాడు. కాబట్టి గొప్పగా నడిపిన ప్రాసిక్యూషన్ కూడా ఓడిపోవచ్చు. గెలుపుకు మార్కులు కలిపితే ప్రాసిక్యూషన్ వైపు ఎవరూ చేరరు.

మేం ఒక్కో పక్షానికి వంద పెట్టాం. మొదటి మాటలకు పది, చీఫ్‌కు ఇరవై, క్రాస్‌కు ముప్పై, ఆ పక్షం సాక్షుల నటనకు ఇరవై, ముగింపు వాదనకు ఇరవై. క్రాస్‌కు ఎక్కువ ఇవ్వడం నా నిర్ణయమే. ఫైలు చదవకుండా మిగతావన్నీ కొంతవరకు నెట్టుకురావచ్చు, క్రాస్ మాత్రం నడవదు. ఆ ముప్పైని మళ్లీ మూడు పదులు చేశాం. అవునో కాదో అని తేలే ప్రశ్నలు అడిగితే పది. ఫైల్లోని ముడి పట్టుకుని, దాన్ని ఎస్సై దాకా తీసుకెళితే పది. ఎక్కడ ఆగాలో తెలిస్తే పది. ఫైల్లో లేని ముఖ్యమైన సంగతిని సాక్షి కల్పిస్తే ఆ పక్షానికి ఐదు తగ్గుతాయి. అయితే ఎదుటి వకీలు అక్కడికక్కడే లేచి, "ఇది ఫైల్లో లేదు" అని చెప్తేనే. అవతలివాళ్ల కాగితాలు కూడా శ్రద్ధగా చదివేలా చెయ్యడానికి ఈ షరతు.

మార్కులు వేసే ముగ్గురూ వేర్వేరు మూలల్లో కూర్చుని, మాట్లాడుకోకుండా వెయ్యాలి. ఆ శివరాత్రి క్రాస్‌కు ఒకరు ఇరవై నాలుగు, ఒకరు ఇరవై రెండు, మూడోవారు పదకొండు వేశారు. సగటు తీస్తే పంతొమ్మిది. పదకొండు ఎందుకు వేశావని అడిగితే, "గొంతు లేదు, మూడు ప్రశ్నలకే కూర్చుంది" అన్నాడు. అంటే ఆమె చేసిన మంచి పనికే మార్కులు తగ్గించాడు. అప్పట్నుంచి సగటు మానేసి, ముగ్గురిలో నడిమి అంకె తీసుకుంటున్నాం. ఇక్కడ ఇరవై రెండు. ప్రతి అంకె పక్కనా ఒక వాక్యం కారణం రాయాలని నియమం కూడా పెట్టాం. కారణం రాయాల్సి వచ్చాక, గొంతుకు మార్కులు వెయ్యడం దాదాపు ఆగిపోయింది.

ఆ రోజు మేజిస్ట్రేటు ముద్దాయిని విడుదల చేసింది. సంచి కూలీకి ఇచ్చిందే కావచ్చు, చీటీలో రకం లేదు, చూసినవాడి మాట నిలకడగా లేదు అని రాసింది. తీర్పు జట్లు మూడింటిలో ఒకటి మాత్రం శిక్ష వేసింది. వాళ్లు చపాట కాగితం పట్టుకున్నారు. మార్కుల్లో ప్రాసిక్యూషన్ మూడు ఎక్కువతో నెగ్గింది.

మరుసటి ఏడు అదే ఫైలును కింది క్లాసువాళ్లకు ఇవ్వాల్సి వచ్చింది. శివరాత్రి ముడి అప్పటికే కాలేజీ అంతా పాకిపోయింది. కొత్త ఫైలు రాయడానికి తీరిక లేదు. ఒకే ఒక్క సంగతి మార్చాను. రైతు శివరాత్రికి కురవి జాతరకు కాక మేడారం జాతరకు పోయాడని రాశాను. మేడారం జాతర మాఘశుద్ధ పౌర్ణమి రోజుల్లో వస్తుంది. విచారణ రోజున ముద్దాయి తరఫు అబ్బాయి, అన్న దగ్గర విన్న ప్రశ్నలు కంఠతా పట్టుకుని లేచాడు. "ఆ రాత్రి వెన్నెల లేదు కదా?" అన్నాడు. కావలి మనిషి వేషం వేసిన పిల్ల నవ్వు ఆపుకోలేకపోయింది. "నిండు పున్నమి సారూ, మంచె మీదికెంచి ఊరంత కనవడ్డది" అంది.